గొడవ ముగిసిన సంగతి పిల్లకు ఎవరూ చెప్పలేదు: ఒక కేస్ స్టడీ

ఇది విజయవాడలో నేను నాలుగు నెలల పాటు చూసిన ఒక కుటుంబం కథ. తల్లిదండ్రుల అనుమతి, అమ్మాయి అంగీకారం తీసుకున్న తరువాతే దీన్ని రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను మార్చాను. అమ్మాయిని ఇక్కడ శ్రావ్య అని పిలుస్తాను, అది ఆమె అసలు పేరు కాదు.

కడుపునొప్పితో వచ్చిన అమ్మాయి

ఆగస్టు నెలలో పదో తరగతి చదువుతున్న పదిహేనేళ్ల శ్రావ్యను ఆమె తల్లి నా దగ్గరికి తీసుకొచ్చారు. రెండు నెలలుగా బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి వస్తోంది. పిల్లల డాక్టరు రక్తపరీక్షలు, స్కానింగు చేయించి, ఏమీ లేదని చెప్పి, ఒకసారి కౌన్సెలింగుకు చూపించమన్నారు. చదువు ఒత్తిడి అయి ఉంటుందని తల్లి అనుకున్నారు. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. తండ్రికి ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణంలో భాగస్వామ్యం ఉంది. శ్రావ్యకు ఎనిమిదేళ్ల తమ్ముడు ఉన్నాడు. రెండు పడకగదుల అపార్టుమెంటులో నలుగురూ ఉంటారు.

చదువు ఒత్తిడి అన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయలేదు కానీ, కొన్ని విషయాలు దానికి సరిపడలేదు. మార్కులు తగ్గలేదు సరికదా కొంచెం పెరిగాయి. పరీక్ష ఉన్న రోజుల కంటే సోమవారాల్లోనే నొప్పి ఎక్కువగా వస్తోంది. తన గదిలో బల్ల ఉన్నా ఆమె హాలులో కూర్చుని చదువుతుంది. రాత్రి ఒంటిగంటన్నర వరకు పడుకోదు. ట్యూషన్ మధ్యలో తల్లికి ఫోన్ చేసి "ఏం చేస్తున్నావమ్మా?" అని అడుగుతుంది. ఇవి చెబుతున్నప్పుడు తల్లి గొంతులో కాస్త గర్వమే ఉంది. పిల్లకు ఇంటి మీద, తన మీద ఎంత ధ్యాసో అని ఆమె భావం.

మొదటి సమావేశంలో నేను ఒక పొరపాటు చేశాను. తల్లిని, కూతురిని కలిపి కూర్చోబెట్టి ఇంటి వాతావరణం గురించి అడిగాను. శ్రావ్య తల్లి ముఖం వైపు ఒకసారి చూసి, "అంతా బాగానే ఉంటుంది మేడమ్" అంది. జవాబు చెప్పే ముందు అమ్మ ముఖం చూసిన ఆ చూపే నాకు దొరికిన సమాచారం. ఆమెను ముందు ఒంటరిగా అడిగి ఉంటే ఆ వారం వృథా అయ్యేది కాదు.

రెండోసారి విడిగా కూర్చోబెట్టాను. తను చెప్పిన మాటలు తన అనుమతి లేకుండా అమ్మానాన్నలకు చెప్పనని, ప్రాణానికి ప్రమాదం ఉన్న సంగతి అయితే మాత్రం చెప్పక తప్పదని ముందే స్పష్టం చేశాను. ఆ తరువాత "మీ ఇంట్లో గొడవ రాబోతోందని నీకు ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. గొడవలు అవుతాయా అని అడిగితే అవుననో కాదనో చెప్పాలి, అవునంటే అమ్మానాన్నల మీద ఫిర్యాదు చేసినట్టు అవుతుంది. ఎలా తెలుస్తుంది అంటే పిల్లలు తమకు తెలిసిన విద్య చెప్పినట్టుగా చెబుతారు. శ్రావ్య ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పింది.

నాన్న బండి తాళాలు ఫ్రిజ్ మీద పెడితే ఫరవాలేదు, విసిరితే ఆ రాత్రి ఏదో ఉన్నట్టే. వంటింట్లో గిన్నెలు మామూలుగా కడిగే చప్పుడు వేరు, అమ్మ కోపంగా కడిగే చప్పుడు వేరు. నాన్న "సరే, నువ్వే చెప్పు" అంటే గొడవకు అయిదు నిమిషాలు ఉన్నట్టు లెక్క. అప్పుడు తను లేచి టీ పెడుతుంది, లేదా లెక్కల పుస్తకం పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్లి తనకు వచ్చిన లెక్కనే రానట్టు అడుగుతుంది. హాలులో ఎందుకు చదువుతుందో అప్పుడు అర్థమైంది. ఆ కుర్చీ వంటింటికి, అమ్మానాన్నల గదికి మధ్యలో ఉంది. సోమవారం కడుపునొప్పికీ కారణం ఇదే: దుకాణానికి ఆదివారం సెలవు కాబట్టి పెద్ద గొడవలు ఆదివారం రాత్రే జరిగేవి.

ముందు తేల్చుకోవలసినది

ఇలాంటి కేసులో గొడవను సర్దుకునే విధానం గురించి ఆలోచించడానికి ముందు, ఇది గొడవేనా, హింసా అన్నది తేల్చుకోవాలి. ఈ ప్రశ్నను భార్యాభర్తలను కలిపి అడగకూడదు. భయపడుతున్న మనిషి భయపెట్టే మనిషి ముందు నిజం చెప్పరు, చెబితే ఇంటికి వెళ్లాక దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది. తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను: చెయ్యి చేసుకోవడం, తోయడం, వస్తువులు విసరడం, జీతం లాక్కోవడం, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకపోవడం ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యంగా, ఏదైనా మాట అనేముందు ఆయన ఏం చేస్తారోనని భయపడి మానేస్తారా? రెండేళ్ల కిందట ఒకసారి ఆయన అన్నం పళ్లెం నేలకేసి కొట్టారని, అంతకు మించి ఏమీ లేదని ఆమె చెప్పారు. "భయమా? ఆయన ఒకటంటే నేను రెండంటాను మేడమ్" అన్నారు. తండ్రి విడిగా చెప్పినది, శ్రావ్య చెప్పినది దీనితో సరిపోయాయి.

సరిపోకపోయి ఉంటే ఈ వ్యాసంలో రాసిన దారి పనికిరాదు. దెబ్బలు, బెదిరింపులు ఉన్న ఇంట్లో "అంతా సర్దుకున్నాం" అని పిల్లలకు చెప్పించడమంటే, న్యాయమైన భయాన్ని నమ్మవద్దని వాళ్లకు నేర్పడమే. అక్కడ మొదటి పని రక్షణ. 181 మహిళా హెల్ప్‌లైన్, 2005 నాటి గృహహింస చట్టం కింద అందే సహాయం, పిల్లల కోసం 1098 నంబరు వంటివి ముందు రావాలి. భార్యాభర్తలను కలిపి కౌన్సెలింగ్ చేయడం అక్కడ ప్రమాదకరం కూడా.

శ్రావ్యను చనిపోవాలన్న ఆలోచనల గురించి, తనను తాను గాయపరచుకోవడం గురించి నేరుగా అడిగాను. లేవు. పిల్లల ఆందోళనను అంచనా వేసే స్కేర్డ్ అనే 41 ప్రశ్నల పత్రం ఇచ్చాను. అందులో 25 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా చూడాలి. శ్రావ్యకు 38 వచ్చింది. అదే పత్రం తల్లిదండ్రుల కోసం ఉన్న రూపంలో తల్లి నింపితే 17 వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎక్కువ మార్కులు పడినవి అమ్మానాన్నలకు ఏమైనా అవుతుందేమో, వాళ్లను వదిలి ఉండలేను అన్న తరహా ప్రశ్నలకు. ఇవి సాధారణంగా చిన్న పిల్లల్లో కనిపించే భయాలు. ఎదిగిన పిల్ల వాటిని బాధ్యతలా మోస్తుంది కాబట్టి ఇంట్లో వాళ్లకు అది భయంలా కాక బుద్ధిమంతురాలి లక్షణంలా కనిపిస్తుంది.

ఒక ఆదివారం గొడవ, గంట గంటకూ

గొడవలు మొత్తంగా ఎలా ఉంటాయో అడగడం కంటే, ఒక్క గొడవను తీసుకుని చివరిదాకా వెళ్లడం నాకు అలవాటు. ఆగస్టు చివరి ఆదివారం జరిగిన దాన్ని ముగ్గురితోనూ విడివిడిగా చెప్పించి, ఒక కాగితం మీద సమయాల వారీగా రాశాను.

రాత్రి తొమ్మిదింటికి బంగారం విషయం వచ్చింది. ఆడపడుచు ఇల్లు కట్టుకుంటుంటే సాయం చేయడానికి తండ్రి, భార్య గాజులు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నారు. చీటీ పాడి విడిపిస్తానని చెప్పారు, పాడిన చీటీ డబ్బు దుకాణంలోకి వెళ్లింది. తొమ్మిదింపావుకల్లా ఇద్దరి గొంతులూ లేచాయి. తొమ్మిదిన్నరకు తల్లి "పిల్ల కోచింగ్ ఫీజు కూడా నేనే కట్టాను" అన్నారు. పది గంటలకు తండ్రి తలుపు ధడేలున వేసి, బండి తీసుకుని వెళ్లిపోయారు. పదకొండు ముప్పావుకు తిరిగొచ్చారు.

ఇక్కడి నుంచి కథ రెండుగా చీలింది. తల్లిదండ్రుల కథలో గొడవ ఆ రాత్రే ముగిసింది. పన్నెండు గంటల ప్రాంతంలో గది తలుపు వేసుకుని, కిందిగొంతుతో మాట్లాడుకున్నారు. దసరాలోపు గాజులు విడిపించాలని, ఆడపడుచుకు ఇక ఏ సాయమైనా ఇద్దరూ అనుకున్నాకే చేయాలని ఒప్పుకున్నారు. ఆ సంగతి ఇద్దరూ నాకు ఇంచుమించు ఒకే మాటల్లో చెప్పారు. మంచి పరిష్కారమే.

శ్రావ్య కథలో గొడవ గురువారం దాకా నడిచింది. నాన్న వెళ్లిపోయాక ఆయనకు బండి మీద ఏమైనా అవుతుందేమోనని హాలులో కూర్చుంది. ఆయన వచ్చాక గదిలోంచి వినిపించిన కిందిగొంతు మాటలను గొడవకు కొనసాగింపు అనుకుంది. మాటలు తెలియకుండా గొంతులు మాత్రమే వినపడితే, ఆ ఖాళీని మనసు భయంతోనే నింపుకుంటుంది. పొద్దున అమ్మ వంటింట్లోంచి "మీ నాన్నను టిఫినుకు రమ్మను" అంది. నాన్న "అక్కడ పెట్టమని చెప్పు" అన్నాడు. మన ఇళ్లలో అలక తీరీ తీరని దశలో ఇలా పిల్లల చేత కబుర్లు పంపుకోవడం మామూలే. పెద్దవాళ్లకు అది కొంత మొహమాటం, కొంత బెట్టు. మధ్యలో నిలబడి మోసే పిల్లకు మాత్రం యుద్ధం ఇంకా నడుస్తోందన్న వార్త. గురువారం టీవీ చూస్తూ ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు అయిపోయిందని అనుకున్నానని శ్రావ్య చెప్పింది.

"మరి ఏం తేల్చుకున్నారో నీకు తెలుసా?" అని అడిగాను. "ఏం తేలదు మేడమ్. అలా ఆగిపోతుంది, అంతే. మళ్లీ వస్తుంది." ఆ తరువాత కాసేపటికి తనే, "నా కోచింగ్ మానేస్తే ఆ డబ్బుతో గాజులు వచ్చేస్తాయి కదా" అంది.

ఈ కేసుకు తాళంచెవి ఇక్కడే దొరికింది. అరుపులు ఇంటిల్లిపాదికీ వినిపిస్తాయి, రాజీ గది తలుపు వెనక జరుగుతుంది. పిల్లకు ప్రతి గొడవలోనూ మొదటి సగమే తెలుస్తుంది.

పరిశోధన కూడా ఇదే చెబుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ కమింగ్స్, ఆయన సహచరులు 1980ల నుంచి పిల్లలకు పెద్దవాళ్ల తగవులను నటించి గానీ వీడియోలో గానీ చూపించి, వాళ్ల స్పందనలను గమనించారు. తగవు పరిష్కారమైనట్టు చూసిన పిల్లల్లో కలత బాగా తక్కువగా ఉంది. పరిష్కారం కళ్ల ఎదుట జరగకపోయినా, జరిగిందని తరువాత తెలిస్తే కొంత మేలు కనిపించింది. అరుపులు లేని మూతిముడుపు మౌనం కూడా పిల్లలను కలవరపెట్టింది. 1990లో జాన్ గ్రిచ్, ఫ్రాంక్ ఫించమ్ ఇంకో కోణం చూపారు. తగవు చూసిన పిల్ల తనలో తాను దీనివల్ల నాకేమవుతుంది, ఇది ఎవరి తప్పు, నేనేం చేయగలను అని వేసుకునే ప్రశ్నలను బట్టే దాని ప్రభావం ఉంటుందన్నారు. శ్రావ్య ఈ మూడింటికీ సొంతంగా జవాబులు తయారుచేసుకుంది. నాన్న రాకపోవచ్చు, తప్పు నా ఫీజుది, నేను కాపలా కాయాలి.

తల్లిదండ్రులతో

శ్రావ్య అనుమతితో ఆ కాగితాన్ని తల్లిదండ్రుల ముందు పెట్టాను. కోచింగ్ మాట మాత్రం తనే చెప్పుకుంటానంది కాబట్టి దాన్ని మినహాయించాను. తండ్రి చాలాసేపు కాగితం చూసి, "మా నాన్న రోజూ ఇల్లెగిరిపోయేలా అరిచేవారు మేడమ్. మేం పెరగలేదా?" అన్నారు. ఇలాంటి మాటకు ఎదురు వాదిస్తే లాభం ఉండదు. అప్పుడు మీరెక్కడ ఉండేవారు అని మాత్రం అడిగాను. అరుగు మీద పడుకునేవాడినని, నిద్ర పట్టేది కాదని, తెల్లవారాక అమ్మ ముఖం చూసి ఆ రోజు ఎలా ఉంటుందో లెక్కవేసుకునేవాడినని ఆయనే చెప్పారు. ఆ తరువాత ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

గొడవలు మానేయాలని నేను వాళ్లకు లక్ష్యం పెట్టలేదు. అప్పు ఉంది, ఆడపడుచు విషయం ఉంది, ఇద్దరికీ గట్టి గొంతులు ఉన్నాయి. రెండే పనులు పెట్టుకున్నాం. మొదటిది, గొంతులు హద్దు దాటినప్పుడు ఆపే పద్ధతి. ఎవరైనా ఒకరు "ఆపుదాం, పదిన్నరకు మాట్లాడుదాం" అనాలి. ఒంట్లో లేచిన వేడి తగ్గడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి విరామం అంతకంటే తక్కువ ఉండకూడదు. తిరిగి మాట్లాడే సమయం చెప్పకుండా లేచి వెళ్లకూడదు, ఎందుకంటే అలా వెళ్లడం అవతలి వాళ్లకు తెగతెంపులా కనిపిస్తుంది. తండ్రి బయటికి వెళ్లాలనుకుంటే మేడమీదికే వెళ్లాలి, బండి తీయకూడదు. వెళ్లేముందు పిల్లలకు వినపడేలా "అరగంటలో వస్తా" అనాలి. శ్రావ్య భయాలన్నిటిలో పెద్దది ఆ బండి చప్పుడే.

రెండోది, గొడవ అయ్యాక పిల్లల ముందు చెప్పవలసిన మాట. దీన్ని వాళ్ల చేత నా గదిలోనే చెప్పించి చూశాను. తండ్రి మొదటి ప్రయత్నం ఇది: "నిన్న నేను కొంచెం గట్టిగా మాట్లాడాను తల్లీ, కానీ మీ అమ్మ ఆ మాట అనకపోతే..." అక్కడే ఆపాను. "కానీ" వచ్చిన చోట క్షమాపణ అయిపోయి ఫిర్యాదు మొదలవుతుంది, పిల్ల మళ్లీ న్యాయమూర్తి కుర్చీలోకి వెళుతుంది. "కొంచెం" కూడా పనికిరాదు. పిల్ల విన్నది కొంచెం కాదు, తను విన్నదాన్ని నాన్న తగ్గించి చెబుతున్నాడంటే తక్కిన మాటను కూడా తగ్గించే నమ్ముతుంది. ఇంకో ఇబ్బంది భాషది. కన్నకూతురిని "క్షమించు" అని అడగడం ఆయనకు నాటకంలా అనిపించింది, "సారీ" మరీ తేలికగా అనిపించింది. ఆ మాటలేవీ అక్కరలేదన్నాను. నాలుగైదు సార్లు మార్చుకున్నాక ఆయన తన సొంత మాటల్లో ఇలా చెప్పారు:

"నిన్న రాత్రి నేను అరిచాను, తలుపు ధడేలున వేసి వెళ్లాను. అది నా తప్పు. నువ్వు భయపడి ఉంటావు. అమ్మా నేనూ తరువాత కూర్చుని మాట్లాడుకున్నాం, ఒక మాట మీదికి వచ్చాం. అది డబ్బు గురించి, నీ గురించి కాదు. మేము చూసుకుంటాం. నువ్వేమైనా అడగాలా?"

ఇంతే, నిమిషం కూడా పట్టదు. జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం, తన వంతు తప్పును ఒప్పుకోవడం, ముగిసిందో లేదో చెప్పడం, పిల్ల మీది బరువు దించడం అన్నీ అందులో ఉన్నాయి. ముగియకపోతే ముగియలేదనే చెప్పాలి: "ఇంకా తేలలేదు, ఆదివారం మళ్లీ మాట్లాడుకుంటాం, ఈలోపు అరుచుకోం." అబద్ధపు రాజీని పదిహేనేళ్ల పిల్ల వెంటనే పసిగడుతుంది. చెప్పే వేళ కూడా ముఖ్యమే. కోపం తగ్గకముందు వద్దు, మరుసటి రోజు సాయంత్రం దాటనివ్వవద్దు. వీలైతే ఇద్దరూ కలిసి చెప్పాలి. ఒకరు సిద్ధంగా లేకపోతే రెండోవారు తమ వంతు వరకే చెప్పాలి, అవతలివారి తరఫున మాట్లాడకూడదు. రోజుల తరబడి కబుర్లు మోయించే పద్ధతిని ఆ రోజుతోనే ఆపేయమన్నాను.

మొదటి నెల తప్పులు

కాగితం మీద సులువుగా కనిపించినది ఇంట్లో మూడు రకాలుగా బెడిసింది.

మొదటి గొడవ తరువాత తండ్రి బిర్యానీ, కూతురికి ఫోన్ కవరు తెచ్చారు, మాట మాత్రం చెప్పలేదు. తల్లి చెప్పబోయి ఏడ్చేశారు. శ్రావ్య లేచి మంచినీళ్లు తెచ్చి, అమ్మ వీపు నిమిరి, "నాకేం కాలేదమ్మా" అని ఓదార్చింది. ఆ వారం కడుపునొప్పి పెరిగింది. ఓదార్పు ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్లిందో చూస్తే, సర్దుబాటు జరిగిందో లేదో తెలిసిపోతుంది. తల్లికి నేను చెప్పినది ఒక్కటే: కన్నీళ్లు వస్తే రానివ్వండి, కానీ "నేను కాసేపట్లో సర్దుకుంటాను, నువ్వు చూడక్కర్లేదు" అని ఆ సంగతి మాటల్లో చెప్పండి. లేదా ఏడుపు అయ్యాకే పిల్ల దగ్గరికి వెళ్లండి.

రెండోసారి తండ్రి బాగానే మొదలుపెట్టి, చివర ఊపులో "ఇక జన్మలో గొడవపడం" అని మాటిచ్చేశారు. తొమ్మిదో రోజున ఆ మాట తప్పింది. "మాట తప్పారని కాదు మేడమ్, ఆ తొమ్మిది రోజులూ ఎప్పుడు తప్పుతారా అని చూశాను" అంది శ్రావ్య. అప్పటినుంచి, ఇవ్వగలిగిన మాటే ఇవ్వాలని పెట్టుకున్నాం. గొడవ రాదని కాదు, వచ్చినప్పుడు బండి తీయనని.

మూడోది నేను ముందుగా ఊహించనిది. సర్దుబాటు చక్కగా జరిగింది. ఆ రాత్రి శ్రావ్య ఆరుసార్లు "నిజంగా అయిపోయిందా?" అని అడిగింది, ఆరుసార్లూ వాళ్లు ఓపికగా జవాబిచ్చారు. ఇలాంటి భరోసా ఉప్పునీటి లాంటిది, తాగేకొద్దీ దాహం పెరుగుతుంది. మొదటిసారి నిజంగా, పూర్తిగా జవాబు చెప్పి, రెండోసారి నుంచి "పొద్దున చెప్పాను కదమ్మా, అదే మాట" అని మెల్లగా ఆపమన్నాను. కారణాన్ని శ్రావ్యకు కూడా వివరించాను. చెప్పకుండా ఆపితే ఆమెకు అది కొత్త మౌనంలా తోచేది.

శ్రావ్యతో

పెద్దవాళ్లు మారినంత మాత్రాన కాపలా దానంతటదే ఆగలేదు. మూడేళ్లుగా పాతుకున్న అలవాటది. పైగా తను టీ పెట్టినందువల్లే కొన్ని గొడవలు ఆగాయని ఆమె నమ్మకం. దాన్ని పరీక్షించడానికి మూడు వారాల పాటు ఒక పుస్తకంలో రాయించాను: టీ పెట్టిన రోజున గొడవ ఆగిందా, పెట్టని రోజున పెరిగిందా? మొత్తం ఎనిమిది సందర్భాలు వచ్చాయి. టీకీ గొడవకూ సంబంధం లేదని లెక్కల్లో గట్టిదైన ఆ పిల్లే తేల్చింది. నేను చెప్పి ఉంటే నమ్మేది కాదు.

కబుర్లు మోయమన్నప్పుడు "మీరే చెప్పుకోండి నాన్నా" అనడం సాధన చేయించాను. ఆ మాట విసురుగా కాకుండా మామూలుగా అనడానికి చాలాసార్లు అనిపించి చూడవలసి వచ్చింది. గొంతులు లేచినప్పుడు హాలులోంచి లేచి, గదిలోకి వెళ్లి, మొదట అయిదు నిమిషాలు, తరువాత పది, ఆ తరువాత ఇరవై నిమిషాలు ఉండటం వారాల వారీగా పెంచాం. ముందూ తరువాతా భయం పదికి ఎంతో రాసుకునేది. మొదటిసారి తొమ్మిది, ఇరవై నిమిషాల తరువాత ఏడు. ఆరోసారికి ఆరుతో మొదలై మూడుకు దిగింది. పెద్ద గొంతుకూ ప్రమాదానికీ ఉన్న తేడాను కూడా స్పష్టంగా గీసుకున్నాం. వస్తువు విసిరినా, ఎవరి మీదైనా చెయ్యి పడినా తను గదిలో కూర్చోకూడదు, తమ్ముణ్ణి తీసుకుని పక్క ఫ్లాట్ ఆంటీ ఇంటికి వెళ్లి, పిన్నికి ఫోన్ చేయాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలుసు, ఆ ఆంటీకి కూడా తెలుసు. ఈ ఏర్పాటు ఎప్పుడూ వాడవలసి రాలేదు.

కోచింగ్ మాట అక్టోబరులో నలుగురూ కూర్చున్నప్పుడు శ్రావ్యే చెప్పింది. తండ్రికి అది తెలియదు. కూతురు ఫీజు విషయం మనసులో పెట్టుకుందని విని చాలాసేపు ఏమీ అనలేకపోయారు. ఆ తరువాత గాజులు బ్యాంకులో ఎందుకున్నాయో, నెలనెలా కడుతున్నామని, ఫీజు వేరే లెక్కలో ఉందని మెల్లగా చెప్పారు. అప్పు మొత్తం ఎంతో చెప్పాలా అని నన్ను చూశారు. అక్కరలేదన్నాను. పిల్లకు కావలసినది అంకె కాదు, అది ఎవరి చేతుల్లో ఉందో తెలియడం.

నాలుగు నెలల తరువాత

డిసెంబరుకు వారానికి మూడు గొడవలు ఒకటికి తగ్గాయి, సున్నా కాలేదు. గాజులు దసరాకు రాలేదు, నవంబరు చివర వచ్చాయి. ఆ ఆలస్యం మీద కూడా ఒక పెద్ద గొడవ జరిగింది. బండి మాత్రం కదలలేదు. శ్రావ్య స్కేర్డ్ మార్కులు 22కు దిగాయి. తల్లి నింపిన పత్రంలో 20 వచ్చింది. అంటే తల్లి చూపు కూతురి అనుభవానికి దగ్గరైంది. ఈ రెండో మార్పును నేను మొదటిదాని కంటే తక్కువ అనుకోను. పదకొండింపావుకు పడుకుంటోంది. కడుపునొప్పి నెలకు ఒకటి రెండు సార్లు వస్తోంది. తాళాల చప్పుడుకు చెవి మాత్రం ఇంకా అటే పోతుందని చెప్పింది.

ఒక యూనిట్ పరీక్షలో ఆమెకు మార్కులు కాస్త తగ్గాయి. తండ్రి కంగారుపడి ఫోన్ చేశారు. నాకు అంత కంగారు కలగలేదు. రాత్రి ఒంటిగంటన్నర దాకా హాలులో కూర్చున్నప్పుడు వచ్చిన మార్కుల్లో కొంత భాగం కాపలా కాస్తూ సంపాదించినదే. ఆ వేళలో ఇప్పుడు ఆమె నిద్రపోతోంది. చదువు వేళలను కొత్తగా కుదుర్చుకోవడానికి కొంత సమయం ఇవ్వమని చెప్పాను.

సంక్రాంతికి గుడివాడ వెళుతూ కారులో మళ్లీ ఆడపడుచు ప్రస్తావన వచ్చిందట. గొంతులు లేచాయి. ఉయ్యూరు దాటాక తండ్రి టీ కొట్టు దగ్గర కారు ఆపి, దిగి, ఇద్దరూ పావుగంట బయట నిలబడి మాట్లాడుకుని వచ్చారు. బయలుదేరేముందు ఆయన వెనక్కి తిరిగి, "అరిచాం. తప్పే. పండుగయ్యాక దీని గురించి మాట్లాడుకుంటాం, పండుగలో ఎత్తం" అన్నారు. తల్లి "అవును" అన్నారు. తరువాత ఏం చేశావని శ్రావ్యను అడిగితే, "నిద్రపోయాను మేడమ్, ఊరొచ్చాక లేపారు" అంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి కాబట్టి ఫిబ్రవరి మూడో వారంలో ఇంకోసారి రమ్మన్నాను. ఈసారి తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నాను, ఎందుకంటే అక్క హాలు వదిలిపెట్టాక ఆ కుర్చీలో అప్పుడప్పుడు వాడు కూర్చుంటున్నాడని తల్లి చెప్పారు.